భూమి ప్రశ్నల బాట్ తప్పు జవాబులిస్తుంది, మోడల్ మార్చాల్నా లేక వెతుకుడు కొలవాల్నా

సాగర్‌కట్ట, మిర్యాలగూడ

అందరికి నమస్తే. ఇక్కడ ఒక వకీలు సార్ ఆఫీసు కోసం భూమి ప్రశ్నలకు తెలుగుల జవాబు చెప్పే బాట్ తయారు చేస్తున్న. చట్టాలు, సర్క్యులర్లు, అవగాహన బుక్‌లెట్లు అన్ని కలిపి చిన్న చిన్న ముక్కలు చేసి 1,400 చంక్‌ల దాకా ఇండెక్స్‌ల పెట్టిన. ప్రశ్న రాంగనే దగ్గరగ ఉన్న 4 చంక్‌లు తీస్తది, మోడల్ అవి చదివి జవాబు రాస్తది. సార్ కాడ ఉండే క్లర్కన్న 50 ప్రశ్నలు వేసి చూసిండు, రైతులొచ్చి ఎట్ల అడుగుతరో అట్లనే రాసిండు, అందుల 21 జవాబులు తప్పన్నడు. "మా నాయిన పోయిండు, విరాసత్ ఎట్ల చేయించుకోవాలె" అంటే 2020 చట్టం కింద నడిచిన పద్ధతి చెప్తుంది, ఇప్పుడు నడుస్తున్నది 2025 భూభారతి చట్టం గదా. టెంపరేచర్ 0 పెట్టి చూసిన, ప్రాంప్ట్‌ల కొత్త చట్టమే చెప్పమని రాసిన, పెద్దగ ఫరక్ రాలే. ఈ మోడల్‌కి తెలుగు సరిగ్గ రాదేమో అనిపిస్తుంది. పెద్ద మోడల్‌కి పోదామంటే నెల ఖర్చు బాగ పెరుగుతది. తెలుగుకు ఏ మోడల్ మంచిగుంటదో జర చెప్పున్రి.

గద్వాల్‌కోట

అన్నా 4 చంక్‌లంటే మస్తు తక్కువ. 20 పెట్టు, ఇప్పటి మోడళ్లు అంత చదువుతయి. నేను ఒక దుకాణం కేటలాగ్‌కి చేసినప్పుడు గట్లనే పెంచిన, సెట్ అయింది. మోడల్ మార్చుడు తర్వాత చూడు.

పాలమూరు_అక్క

తమ్మీ, మోడల్ సంగతి కాసేపు పక్కకు పెట్టు. ఆ 21 తప్పు జవాబులల్ల మోడల్‌కి సరైన పేరా అసలు అందిందా అందలేదా, అది చూసినవా? బియ్యమే వేరే బస్తల కెళ్లి తెచ్చినంక వండినోళ్లను అంటే ఏం లాభం. నేను హైదరాబాద్‌ల సెర్చ్ పని చేస్తున్న చానా ఏండ్లకెళ్లి, ఇసొంటి కేసు వచ్చినప్పుడు మోడల్‌ని పూర్తిగ ఆపేసి ఒక్క వెతుకుడే కొలుస్తం.

పని ఏందంటే, ఆ 50 ప్రశ్నలకు ఒక్కోదానికి జవాబు ఏ కాగితంల ఏ వాక్యంల ఉన్నదో భూమి పని తెలిసినోళ్లతోటి గుర్తు పెట్టించు. కొన్నిటికి ఒక్క వాక్యం చాలు, కొన్నిటికి రెండు చోట్ల ఉంటది, రెండూ రాయించు. చంక్ నంబరు మాత్రం రాసుకోకు, రేపు చంక్ సైజు మార్చినవంటే ఆ నంబర్లన్ని పోతయి, మల్ల మొదటికెళ్లి చేయాలె. వాక్యంల ముక్కనే కాపీ చేసి పెట్టు, జర చిన్నదే తీస్కో, లేకపోతే రెండు చంక్‌ల మధ్యల తెగి దొరకకుండ పోతది. తర్వాత ప్రశ్నను సెర్చ్‌కి ఇచ్చి వచ్చిన మొదటి `k` చంక్‌లల్ల ఆ ముక్కలు ఎన్ని ఉన్నయో లెక్కవెట్టు, దాన్నే రీకాల్ అంటరు, గంతే.

```python
def clean(s):
    return " ".join(s.replace("\u200c", "").split())

def recall_at_k(gold, chunks, k):
    top = [clean(c) for c in chunks[:k]]
    found = sum(any(clean(g) in c for c in top) for g in gold)
    return found / len(gold)
```

ఆ `\u200c` తీసేసుడు మర్చిపోకు. తెలుగు టైపింగ్‌ల కంటికి కనవడని ఆ అక్షరం ఒకదాంట్ల ఉంటది ఇంకోదాంట్ల ఉండది, చూస్తే రెండు ఒక్క తీరే ఉంటయి గని మ్యాచ్ కావు, పేరా వచ్చినా రాలేదని లెక్క పడతది.

గద్వాల్‌కోట చెప్పిన దాంట్ల కొంత నిజమున్నది, `k` పెంచితే దొరికే అవకాశం పెరుగుతది. కాని రీకాల్ `k` తోటి ఎన్నడు తగ్గదు, 1,400 పెడితే ఇండెక్స్‌ల ఉన్నయన్ని దొరుకుతయి. అందుకే నువ్వు నిజంగ మోడల్‌కి ఎన్ని పంపుతున్నవో ఆ `k` కాడనే ముందు చూడాలె, అంటే 4 కాడ. తర్వాత 10, 20, 50, చివరకు మొత్తం, ఇవన్ని కూడ రాసుకో.

నకిరేకల్_నర్సన్న

నాకు ఇది అనవసరం పని అనిపిస్తుంది అక్కా. చివరకు రైతుకు కావాల్సింది జవాబు. జవాబు కరెక్టా కాదా అది చూస్తే సరిపోతది గదా, మధ్యల ఏం జరిగిందో 50 ప్రశ్నలకు వాక్యాలు గుర్తు పెట్టుకుంట కూసుంటే రెండు దినాలు పోతయి.

పాలమూరు_అక్క

నర్సన్నా, జవాబు తప్పని ఇప్పటికే తెలుసు, 50ల 21. ఎక్కడ బాగు చేయాల్నో ఆ అంకె చెప్తలేదు గదా. ప్రాంప్ట్ మార్చిన్రు, టెంపరేచర్ మార్చిన్రు, రెండూ వెతుకుడు అయిపోయినంక వచ్చే పనులు. పేరా దొరకని ప్రశ్నకు అవి రెండూ ఏం చేయలేవు. ఇంకోటి, ఇండెక్స్ మార్చినప్పుడల్ల 50 జవాబులు మనిషి కూసొని చదవాలె, గుర్తు పెట్టిన వాక్యాలుంటే కంప్యూటరే నిమిషంల లెక్క చెప్తది.

వనపర్తి_మాస్టర్

మా బడి పిల్లల కోసం సైన్స్ పాఠాల మీద నేను కూడ ఒకటి చేస్తున్న, దానికి కూడ ఈ రీకాల్ సమస్యే ఉన్నది. పిల్లగాడు ముందు అడిగింది గుర్తుంటలేదు. "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంది" అంటే మంచిగ చెప్తది, తర్వాత "దానికి ఏమేం కావాలె" అంటే ఎక్కడిదో మట్టి గురించి చెప్తది. మెమరీ పెంచాల్నా?

పాలమూరు_అక్క

మాస్టర్ సాబ్, ఇక్కడ రీకాల్ అంటున్నది పాత మాట గుర్తుంచుకునుడు కాదు, కావాల్సిన పేరాలల్ల ఎన్ని దొరికినయ్ అనే లెక్క. కాని మీ కేసు కూడ వెతుకుడు కాడనే ఉన్నట్టుంది. సెర్చ్‌కి పోతున్నది "దానికి ఏమేం కావాలె" అన్న ఒక్క ముక్కనే అయితే అండ్ల కిరణజన్యం పేరే లేదు, ఏ ఇండెక్స్ అయినా ఏం తెస్తది. సెర్చ్‌కి ఏ వాక్యం పోతుందో లాగ్‌ల ప్రింట్ చేసి చూడున్రి. ముందు ప్రశ్నను కలిపి పూర్తి ప్రశ్నగ రాసి పంపితే మారాలె. ఇసొంటి వెంటవెంట ప్రశ్నలను కొలిచేటప్పుడు వేరే పెట్టుకోన్రి, మొదటి ప్రశ్నలతోటి కలిపితే సగటు లెక్కల దాక్కుంటయి.

సాగర్‌కట్ట

అక్కా చేసిన. క్లర్కన్న, నేను కూసొని వాక్యాలు గుర్తు పెట్టినం. 50 ప్రశ్నలల్ల 38టికి ఒక్కటే వాక్యం, 12టికి రెండు. కనీసం ఒక్కటన్న దొరికితే దొరికినట్టే అని పట్టుకుంటే లెక్క ఇట్లొచ్చింది: 4 కాడ 27 ప్రశ్నలు, 10 కాడ 33, 20 కాడ 36, 50 కాడ 44, మొత్తం 1,400 తీస్తే 47. మొత్తం తీసినా 50 ఎందుకు వస్తలేదో సమజైతలే.

జవాబులతోటి కలిపి చూస్తే:

```
              జవాబు ఒప్పు   జవాబు తప్పు
పేరా దొరికింది     24            3
పేరా దొరకలేదు      5           18
```

పాలమూరు_అక్క

ఈ నాలుగు గళ్లల్ల నీ మొదటి ప్రశ్నకు జవాబున్నది తమ్మీ. 21 తప్పులల్ల 18టికి మోడల్ చేతికి పేరానే రాలే. ఎంత పెద్ద మోడల్ కొన్నా నీకు గ్యారంటీగ బాగయ్యేటివి మహా అంటే 3.

ఇప్పుడు ఆ 3 కూడ చూడు. అండ్ల రెండు వాక్యాలు కావాల్సిన ప్రశ్నలు ఏమన్న ఉన్నయా? "ఒక్కటన్న దొరికితే చాలు" అన్న లెక్క అక్కడ మోసం చేస్తది. ఏ కాగితాలు పెట్టాల్నో దొరికి, దరఖాస్తు ఎక్కడ ఇయ్యాల్నో దొరకకపోతే సగమే దొరికినట్టు, నా ఫంక్షన్ అందుకే 0.5 ఇస్తది.

దొరకకుండనే ఒప్పు వచ్చిన 5 ఉన్నయి గదా, వాటిని కూడ ఇడిసిపెట్టకు. రెండు తీర్లు ఉంటయి. నువ్వు గుర్తు పెట్టిన వాక్యం రాలేదు గని అదే సంగతి ఇంకో బుక్‌లెట్‌ల ఉండి అది వచ్చింది, అట్లయితే ఆ వాక్యాన్ని కూడ లిస్టుల కలుపు, కాని రెండింట్ల ఏది దొరికినా దొరికినట్టే లెక్కేయి, లేకపోతే నా ఫంక్షన్ సగమే ఇస్తది. లేదంటే మోడల్ తన సొంతంగ తెలిసింది చెప్పింది. అది ఇయ్యాల ఒప్పైంది గని చట్టం మారినప్పుడు అదే నోటితోటి తప్పు చెప్తది, దాన్ని ఒప్పుల లెక్కేయకు.

మొత్తం తీసినా దొరకని 3 అంటే వాక్యం నీ ఇండెక్స్‌లనే లేదు. ఆ ఫైళ్లు తెరిచి చూడు.

తహసీల్_కాడ

నేను దేవరకొండ దిక్కు మీసేవ సెంటర్ నడుపుతున్న. కంప్యూటర్ లెక్కలు నాకు రావు గని ఒక మాట. విరాసత్ అని జనం అంటరు, ఫౌతీ అని కూడ అంటరు, బుక్‌లెట్లల్ల వారసత్వ బదిలీ అనో సక్సెషన్ అనో రాస్తరు. నాలా అంటరు, కాగితంల వ్యవసాయేతర భూమిగ మార్పు అని ఉంటది. మీ మిషన్‌కి ఈ రెండు ఒక్కటే అని తెలుసా?

సాగర్‌కట్ట

తహసీల్_కాడ అన్న చెప్పింది నిజమైంది, కింద రాస్తున్న.

ఆ 3ల రెండు, అక్క అన్నట్టే, రెండు వాక్యాలల్ల ఒకటే దొరికిన ప్రశ్నలు. పూర్తిగ అన్ని అందినా తప్పు చెప్పింది ఒక్కటే ఒకటి. ఒప్పు వచ్చిన 5ల మూడింటికి వేరే బుక్‌లెట్‌ల అదే సంగతి ఉన్నది, లిస్టుల కలిపిన, అంటే దొరికినయి 27 కాదు 30. మిగిలిన రెండు మోడల్ సొంతంగ చెప్పినయి.

ఇండెక్స్‌ల లేని 3 పాత అను ఫాంట్లల్ల చేసిన పీడీఎఫ్‌లు. స్క్రీన్ మీద తెలుగు ముద్దుగ కనవడతది, కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త వస్తుంది. ఇండెక్స్‌లకు పోయింది ఆ చెత్తనే.

మిగిలిన 15టికి మొదటి 4ల ఏం వచ్చిందో ఒక్కొక్కటి చదివిన. 9టికి 2020 చట్టం నాటి సర్క్యులర్లే నాలుగు చోట్లు నింపేసినయి. పైపైన చూస్తే అన్ని సంబంధం ఉన్నట్టే కనవడతయి, విరాసత్ గురించే ఉన్నయి, కాని ఇప్పుడు నడిచే పద్ధతి కాదు. 6టికి మాట ఫరక్, లేకపోతే చంక్‌ల "పై దరఖాస్తుతో ఈ కింది పత్రాలు జతచేయాలి" అని మాత్రమే ఉన్నది, ఏ దరఖాస్తో చెప్పే హెడ్డింగ్ ముందు చంక్‌లనే ఉండిపోయింది.

గద్వాల్‌కోట

అయితే నా మాట ప్రకారం 20 పెడితే 36 వస్తుంది గదా, 27 కన్న మంచిదే.

పాలమూరు_అక్క

అంకెకు మంచిదే. కాని ఆ ఎక్కువైన 16 చంక్‌లల్ల కొత్త చట్టం ఒకటి వస్తే పాత చట్టం ఏడెనిమిది వస్తయి తమ్మీ. రెండూ ఒక్క తీరు మాటలే, మోడల్ రెండు కలిపి అల్లుతది. దుకాణం కేటలాగ్‌ల ఒకదాన్ని ఒకటి కొట్టేసే పాత ధరల పట్టీలు లేకపోతే నీకు 20 పని చేసి ఉంటది, ఇక్కడి కాగితాలు అట్ల లేవు. 4 కెళ్లి 20కి పోతే దొరకని 23ల 9 మాత్రమే కలిసినయి. 50 కాడ 44 ఉన్నయంటే పేరాలు ఇండెక్స్‌ల ఉన్నయి, వెనకకు నెట్టబడ్డయి. ముందల ఎవరు నిలవడ్డరో సాగర్‌కట్ట చదివి చెప్పిండు గదా, వాళ్లను జరిపితే 4 కాడనే ఎక్కుతయి.

సాగర్‌కట్టా, బాగు చేసే ముందు ఇంకో పరీక్ష పెట్టు. సెర్చ్‌ని తీసేసి, గుర్తు పెట్టిన వాక్యాలున్న పేరాలు నువ్వే మోడల్ చేతికిచ్చి 50 ప్రశ్నలు అడుగు. వెతుకుడు నూటికి నూరు కరెక్టయినా ఈ మోడల్ ఎక్కడ దాకా పోతదో తెలుస్తది. అది తక్కువొస్తే అప్పుడు మోడల్ గురించి మాట్లాడుదం.

సాగర్‌కట్ట

ఇచ్చి చూసిన అక్కా, 50ల 46 ఒప్పు. తప్పైన 4ల రెండింట్ల ఒకే పేరాల రెండు వేరే గడువులు ఉన్నయి, మోడల్ ఒకదానిది ఇంకోదానికి చెప్పింది.

బాగు చేసినయి చెప్తున్న. ఒకటి, ప్రతి చంక్‌కి ఏ చట్టం కిందిదో ఒక ఫీల్డ్ పెట్టి, 2025 ఏప్రిల్‌ల భూభారతి అమలైనంక పనికి రాని కాగితాలను సెర్చ్‌ల కెళ్లి పక్కకు తప్పించిన. రెండు, ఎంబెడింగ్ చేసే ముందు చంక్ నెత్తి మీద ఆ కాగితం పేరు, హెడ్డింగ్ కలిపిన, మీసేవ అన్న చెప్పిన మాటలు కూడ అక్కడనే జతచేసిన, అంటే వారసత్వ బదిలీ అన్నకాడ విరాసత్, ఫౌతీ అని. మూడు, అను ఫాంట్ ఫైళ్లను బొమ్మలుగ మార్చి ఓసీఆర్ చేసిన, క్లర్కన్న తప్పులు దిద్దిండు.

మోడల్ అదే, ప్రాంప్ట్ అదే, `k` అదే 4. దొరికినయి 30 కెళ్లి 41 అయినయి. జవాబులు మల్ల క్లర్కన్న చూసిండు, తప్పులు 21 కెళ్లి 9కి వచ్చినయి.

పాలమూరు_అక్క

మంచిగుంది. కాని 30 కెళ్లి 41 అని ఒక్క ముక్కల చూడకు. ఏ ప్రశ్నలు కొత్తగ దొరికినయి, ఏవి ముందు దొరికి ఇప్పుడు పోయినయి, రెండు లిస్టులు వేరే రాయి. 50 ప్రశ్నల శాతానికి అటు ఇటు 14 దాకా ఊగుడు ఉంటది, ఉత్త శాతాలు పక్కపక్కన పెడితే నమ్మబుద్ధి కాదు, అవే ప్రశ్నలు ఎటు మారినయో చూస్తే తెలుస్తది.

ఇంకోటి, ఈ 50 చూస్తనే నువ్వు మార్పులు చేసినవు. విరాసత్ అన్న మాట కలిపినవు కాబట్టి విరాసత్ ప్రశ్న దొరుకుతది. నువ్వు ఎన్నడు చూడని ప్రశ్నలు కావాలె.

తహసీల్_కాడ

మా సెంటర్‌కి వచ్చినోళ్లు అడిగినయి ఒక 30 రాసిస్త, పేర్లు సర్వే నంబర్లు లేకుండ.

సాగర్‌కట్ట

అన్న ఇచ్చిన 30టి మీద: పాత ఇండెక్స్‌ల 4 కాడ 16 దొరికినయి, కొత్త దాంట్ల 23. నా 50ల దొరికినంత శాతం రాలే గని పెరిగింది నిజమే. రాని 7ల నాలుగు మల్ల మాటల ఫరకే, మోఖా మీద ఉన్నోళ్లు అన్నది ఒకటి, నేను ఎక్కడ కలపలే.

రెండు లిస్టులు కూడ తీసిన. 50ల 13 కొత్తగ దొరికినయి, 2 పోయినయి. పోయిన రెండూ సాదాబైనామా గురించి.

తహసీల్_కాడ

అదే అడుగుదామనుకున్న. 2020ల సాదాబైనామాకు దరఖాస్తు పెట్టుకున్నోళ్లు ఇంకా మా కాడికి వస్తున్నరు. వాళ్లకు అప్పటి కాగితాలు కావాలె, ఎప్పుడు పెట్టిన్రు ఏం రాసిచ్చిన్రు అన్నది వాటి ప్రకారమే చూస్తరు. పాతవన్ని తీసేస్తే వాళ్లకు ఏం చెప్తది మీ బాట్?

సాగర్‌కట్ట

తీసేసినయ్ కాబట్టే పోయినయి అన్నా. ప్రశ్నల 2020 అని గని సాదాబైనామా అని గని ఉంటే పాత కాగితాలు కూడ వెతకమని పెట్టాల్నా, లేకపోతే పాతవి ఉంచి వెనకకు మాత్రమే జరపాల్నా, అక్కా?

పాలమూరు_అక్క

మాటలను బట్టి రూల్ పెడితే ఇయ్యాలటికి నడుస్తది, "అప్పట్ల పెట్టుకున్న అర్జీ ఏమాయె" అని అడిగినోడికి నడవదు. పూర్తిగ తీసేయకుండ స్కోర్ తగ్గించుడే నాకు మంచిగనిపిస్తది, కాని ఎంత తగ్గించాల్నో ఊహ మీద చెప్పలేను. పాత కాగితాలు అవసరమున్న ప్రశ్నలు ఇప్పుడు నీ కాడ రెండే ఉన్నయి, రెండింటి మీద ఏ అంకె పెట్టినా నమ్మలేం. తహసీల్_కాడ అన్న ఇంకో పదిహేను ఇరవై అట్లాంటివి ఇస్తే వాటి రీకాల్ వేరే, కొత్త చట్టం ప్రశ్నల రీకాల్ వేరే రాసుకొని, ఒకటి పెంచితే ఇంకోటి ఎంత పడుతుందో చూడు.

నకిరేకల్_నర్సన్న

మోడల్ కొనకుండనే 21 తప్పులు 9 అయినయి, అది ఒప్పుకుంట. కాని ఇప్పుడు మీరు రీకాల్ లెక్కలల్లనే ఉంటున్నరు. గడువులు కలిపి చెప్పిన రెండు జవాబులు ఉన్నయి గదా, వాటికి పేరా దొరికినా తప్పే చెప్తది. గడువు తప్పు చెప్తే మనిషికి భూమి పోతది. నన్నడిగితే గడువుల ప్రశ్నలకు జవాబు రాయనియ్యకుండ పేరా ఉన్నదున్నట్టు చూపియ్యాలె.

సాగర్‌కట్ట

వకీలు సార్ కూడ అదే మాట అన్నడు నర్సన్నా. అయితే ఏది గడువు ప్రశ్ననో బాట్‌కి ఎట్ల తెలవాలె? రైతు "ఎన్నొద్దులల్ల" అని అడగకపోయినా జవాబుల గడువు వస్తనే ఉన్నది. ప్రశ్నను చూసి కాదు, దొరికిన పేరాల రోజుల లెక్క ఉంటే ఆ పేరానే చూపిద్దామని చూస్తున్న, అట్ల చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి. అన్నా, సాదాబైనామా ప్రశ్నలు శనివారం నాడు వచ్చి తీస్కుంట.